యాప్ వద్దనే పెద్దవాళ్లకు పెళ్లి ఫొటోలు: గోడ మీద కార్డు, ఫోన్‌లో బొమ్మ

ప్రశ్న: మేం బరంపురంలో ఉంటాం. తాతయ్య, నాన్నమ్మ పర్లాకిమిడి దగ్గర పల్లెలో ఉంటారు. అన్నయ్య పెళ్లి ఫొటోలు 700 దాకా గూగుల్ ఫొటోస్‌లో ఆల్బమ్ చేసి నాన్నమ్మకు వాట్సాప్‌లో లింకు పంపాను. "ఏదో ఇంగ్లీషులో అడుగుతోంది" అని మూసేస్తోంది. కొత్త యాప్ అంటే ఇద్దరికీ భయం. తాతయ్యది బటన్ల ఫోను. క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు కొట్టించి పంపితే పని అవుతుందా? ఎలా చేయాలి?

జవాబు:

అవుతుంది. కాకపోతే ఆ కార్డును స్కాన్ చేసేది నాన్నమ్మ కాదు, ఆ ఇంటికి వచ్చే మనవలూ పక్కింటి కుర్రాళ్లూ. నాన్నమ్మకు వేరే దారి ఉంది, అది కార్డు కన్నా తేలిక. రెండూ చెబుతాను.

నేను పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే సగం పెళ్లిళ్లు ఆంధ్రా వైపు, సగం ఇటు వైపు. ఒకప్పుడు కరిజ్మా ఆల్బమ్ రెండు కాపీలు చేసి ఇస్తే పని అయిపోయేది. ఇప్పుడు ఆల్బమ్‌తో పాటు "లింకు కూడా పెట్టండి" అంటారు. ఆ లింకు తెరుచుకోలేదని ఫోన్లు మాత్రం నాకే వస్తాయి. అందుకని ఇదంతా నేర్చుకోక తప్పలేదు.

ముందు నాన్నమ్మ ఫోన్‌లో ఏం జరిగి ఉంటుందో చెబుతాను. ఆల్బమ్ చూడటానికి యాప్ గానీ, గూగుల్ లాగిన్ గానీ అక్కర్లేదు. లింకు ఉన్నవాళ్లు ఎవరైనా మామూలు క్రోమ్‌లో చూడొచ్చు. కానీ ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి గూగుల్ ఫొటోస్ యాప్ కొన్నప్పుడే వేసి ఉంటుంది. నాన్నమ్మ దాన్ని ఏనాడూ తెరిచి ఉండదు. వాట్సాప్‌లో లింకు నొక్కగానే ఫోను "ఇది ఫొటోస్ వాళ్ల లింకు కదా" అనుకుని క్రోమ్‌కు బదులు ఆ యాప్‌ను తెరుస్తుంది. మొదటిసారి తెరిచిన యాప్ మీ ఫొటోలు బ్యాకప్ చేయమంటారా, ఏ అకౌంటు, అనుమతి ఇవ్వండి అని వరసగా అడుగుతుంది. నాన్నమ్మ చూసిన ఇంగ్లీషు అదే అయి ఉండాలి. మీరు యాప్ లేని దారి ఇచ్చాననుకున్నారు, ఫోను ఆమెను మళ్లీ యాప్‌లోకే తోసింది.

దీనికి మందు ఆ ఫోన్ సెట్టింగుల్లో ఉంది. ఒక్కసారి చేస్తే చాలు. Settings లో Apps, అందులో Photos తెరవండి. అక్కడ "Open by default" అని ఉంటుంది, కొన్ని ఫోన్లలో "Set as default" అంటారు. దాని లోపల "Open supported links" అనే స్విచ్ ఆపేయండి. అంతే, ఇక నుంచి ఆ లింకు క్రోమ్‌లోనే తెరుచుకుంటుంది. యాప్ తీసేయనక్కర్లేదు, నాన్నమ్మ ఫోన్‌లో ఉన్న ఫొటోలకూ ఏమీ కాదు. క్రోమ్‌లో కూడా ఎప్పుడైనా యాప్ తెరవమని అడిగితే వద్దని మూసేస్తే సరి.

ఇక ఆమెకు తేలికైన దారి. మీరు ఈసారి ఊరు వెళ్లినప్పుడు నాన్నమ్మ ఫోన్‌లో క్రోమ్ తెరిచి, ఆల్బమ్ లింకును అడ్రస్ పట్టీలో అతికించండి. ఆల్బమ్ కనబడ్డాక పై మూల మూడు చుక్కలు నొక్కి "Add to Home screen" ఎంచుకోండి. పేరు మార్చమంటుంది. అక్కడ తెలుగులో "అన్నయ్య పెళ్లి" అని రాయండి. ఫోన్ మొదటి తెర మీద ఒక బొమ్మ వచ్చి కూర్చుంటుంది. దాన్ని వాట్సాప్ పక్కకు లాగి పెట్టండి. అది యాప్ కాదు, లింకుకు ఒక తలుపు, అంతే. వాట్సాప్ నొక్కడం వచ్చినవాళ్లకు అది నొక్కడమూ వస్తుంది.

వాట్సాప్‌లో పంపిన లింకు మీదే ఎందుకు ఆధారపడకూడదంటే, రెండు రోజులు పోతే అది గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పాతాళంలోకి పోతుంది. పైగా మీ నంబరు ఆమె ఫోన్‌లో సేవ్ చేసి లేకపోతే, కొత్త నంబరు నుంచి వచ్చిన లింకును వాట్సాప్ నొక్కనివ్వకపోవచ్చు. అక్షరాలు కనబడతాయి, నొక్కితే కదలదు. మా ఊళ్లలో ఇది మామూలే, ఎందుకంటే పిల్లలు ఒడిశా సిమ్ము, ఆంధ్రా సిమ్ము అని రెండు వాడతారు, పెద్దవాళ్ల దగ్గర పాతదే ఉంటుంది.

అలాగని ఫొటోలన్నీ వాట్సాప్‌లోనే పంపేయకండి. అసలే నిండుగా ఉన్న 32 జీబీ ఫోన్‌లో నాలుగు వందల ఫొటోలు దిగితే మర్నాడు నాన్నమ్మకు ఫోన్ నిండిపోయిందన్న సందేశం రావొచ్చు, అది ఇంకో భయం. నేనైతే మంచి ఫొటోలు అయిదు మాత్రం నేరుగా పంపుతాను. మిగతావి లింకులో.

ఇప్పుడు కార్డు సంగతి. దీంట్లో నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

మా పెద్దమ్మ గుణుపురంలో ఉంటుంది. మా చెల్లి పెళ్లికి ఫొటోలు నేనే తీశాను. బంధువుల్లో పెద్దవాళ్లకు పంపుదామని నలభై కార్డులు కొట్టించాను, మీది కూడా ఇదే ఆలోచన కదా. ఉచితంగా క్యూఆర్ చేసి ఇచ్చే ఒక వెబ్‌సైటులో రంగురంగుల కోడ్ చేయించి, మధ్యలో వినాయకుడిని కూడా పెట్టాను. రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. తరువాత ఒక రోజు పెద్దమ్మ ఫోన్ చేసి, "ఏటి బాబూ, పెళ్లి ఫొటోలని కార్డిచ్చినావు, అందులో డబ్బులు కట్టమంటంది" అంది. వెళ్లి చూస్తే నిజమే. ఉచిత గడువు అయిపోయింది, కోడ్ మళ్లీ నడవాలంటే చందా కట్టమని ఆ సైటు పేజీ వస్తోంది. నలభై ఇళ్లలో నలభై కార్డులు, అన్నీ ఒక్క రోజే చచ్చాయి.

అప్పుడు తెలిసింది, క్యూఆర్‌లలో రెండు రకాలు ఉంటాయని. ఒక రకంలో మీ లింకే ఆ నల్ల చుక్కల్లో రాసి ఉంటుంది. దానికి గడువు లేదు, ఏ కంపెనీతోనూ పని లేదు, కాగితం ఉన్నంత కాలం అది చదవబడుతుంది. రెండో రకాన్ని డైనమిక్ అంటారు. అందులో ఉండేది ఆ సైటు వాళ్ల సొంత చిరునామా. స్కాన్ చేసినవాళ్లు ముందు వాళ్ల దగ్గరకు వెళ్తారు, వాళ్లు అక్కడి నుంచి మీ ఆల్బమ్‌కు పంపుతారు. వాళ్లు ఆపితే ఆగిపోతుంది. ఇంటి గోడ మీద ఏళ్ల తరబడి ఉండాల్సిన కార్డుకు మొదటి రకమే కావాలి.

ఏ రకమో పట్టుకోవడం తేలిక. ప్రింటుకు ఇచ్చే ముందు మీ ఫోన్ కెమెరా దాని మీద పెట్టండి, తెర మీద వచ్చిన చిరునామాను నొక్కకుండా చదవండి. అది ఇలా మొదలవ్వాలి:

```
https://photos.app.goo.gl/
```

దాని వెనక ఒక పదిహేడు దాకా అక్షరాలు ఉంటాయి. ఆ మొదటి భాగంలో వేరే సైటు పేరు కనబడితే ఆ కోడ్ వాడకండి.

ఇప్పుడైతే బయటి సైటు అవసరమే పోయింది. 2025 మే నెలలో గూగుల్ ఫొటోస్‌కు పదేళ్లు నిండినప్పుడు, ఆల్బమ్‌కు క్యూఆర్ చేసే సదుపాయం యాప్‌లోనే పెడుతున్నట్టు చెప్పారు. ఆల్బమ్ తెరిచి షేర్ నొక్కితే అక్కడే కోడ్ దొరుకుతుంది, దాన్ని ప్రింటుకు పంపొచ్చు. మీ ఫోన్‌లో కనబడకపోతే కంప్యూటర్‌లో క్రోమ్ చేసి ఇస్తుంది. మూడు చుక్కల మెనూలో "Cast, save, and share" కింద "Create QR Code" అని ఉంటుంది. బొమ్మ కింద ఒక పెట్టెలో చిరునామా కనబడుతుంది. అందులో ఉన్నది చెరిపేసి మీ షేర్ లింకును అతికించండి. ఇది మొదటి రకం కోడే.

చెరిపేసి అతికించమన్నానంటే దానికి కారణం ఉంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మీ కంప్యూటర్‌లో మీ ఆల్బమ్ తెరిచినప్పుడు పైన అడ్రస్ పట్టీలో ఉండేది మీ సొంత చిరునామా. అది మీ లాగిన్ ఉన్నచోటే తెరుచుకుంటుంది. దాన్ని కాపీ చేసి క్యూఆర్ చేస్తే మీ ఫోన్‌లో భేషుగ్గా పని చేస్తుంది, ఎందుకంటే ఆ ఫోన్‌లోనూ మీ అకౌంటే ఉంది. మీ అన్నయ్య ఫోన్‌లో, నాన్నమ్మ ఫోన్‌లో మాత్రం పేజీ లేదంటుంది. ఆల్బమ్‌లో షేర్ నొక్కి, లింకు సృష్టించు అన్నప్పుడు వచ్చే పొట్టి లింకునే తీసుకోవాలి.

ఇది పొరపాటా కాదా తేల్చుకోవడానికి నా దగ్గర ఒకటే పరీక్ష. క్రోమ్‌లో "New Incognito tab" తెరిచి, లింకును అక్కడ అతికిస్తాను. ఆ తెరకు నేనెవరో తెలియదు, లాగిన్ లేదు. అక్కడ ఫొటోలు కనబడ్డాయంటే ఎక్కడైనా కనబడతాయి. అకౌంటు అడిగిందంటే నాన్నమ్మనూ అడుగుతుంది. ఈ పరీక్ష కాకుండా నా స్టూడియో నుంచి ఒక్క కార్డు కూడా బయటకు పోదు. కొందరు ఫొటోలను గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టి లింకు పంపుతారు, అక్కడ మొదట "Restricted" అని ఉంటుంది. దాన్ని మార్చడం మర్చిపోతే పెద్దవాళ్లకు "Request access" అనే పేజీ వస్తుంది. వాళ్లు అది నొక్కరు. నొక్కినా, మీరు ఆ మెయిల్ చూడరు.

మీ ఇంట్లో ఎవరైనా ఐఫోన్ వాళ్లు "లింకు నేను పంపుతా" అంటే ఒక్కటి అడగండి. ఫొటోలు ఎంచుకుని "Copy iCloud Link" అని తీసే లింకు 30 రోజులే ఉంటుంది. మాట్లాడుకుని చూసి మర్చిపోయే ఫొటోలకు అది చాలు, కార్డు మీదకు పనికిరాదు.

ప్రింటు దగ్గర నేను చూసేది మూడు విషయాలే. మొదటిది కొలత. స్కాన్ చేసే దూరంలో పదో వంతు ఉండాలనేది మేం పాటించే లెక్క. గోడ మీది కార్డును మనిషి మూరెడు దూరం నుంచి చూస్తాడు, అందుకని 5 సెంటీమీటర్ల చదరం పెడతాను. విజిటింగ్ కార్డు మీద గోరంత కోడ్ పెడితే ముసలి కెమెరాకు చిక్కదు. లింకు పొట్టిగా ఉంటే చుక్కలు పెద్దవిగా వస్తాయి, పొడుగు లింకు పెడితే అదే చోట ఆవాలు చల్లినట్టు ఇరుకవుతాయి. పొట్టి లింకే వాడమనడానికి ఇది రెండో కారణం.

రెండోది రంగు. తెల్ల కాగితం మీద నల్ల రంగు, అంతే. పెళ్లి కార్డు కదా అని పసుపు మీద బంగారు రంగు వేయమంటారు. బంగారు రంగు ట్యూబ్‌లైటు కింద మెరిసి కోడ్‌లో సగం తినేస్తుంది. కోడ్ చుట్టూ నాలుగు చుక్కల వెడల్పు తెల్ల అంచు కూడా వదలాలి, అక్కడ పువ్వులూ లతలూ పెట్టకూడదు. నిజానికి క్యూఆర్‌లో కొంత చెడిపోయినా చదవగలిగే ఏర్పాటు ఉంటుంది, గట్టి రకంలో 30 శాతం దాకా. మధ్యలో వినాయకుడిని పెట్టినా నడిచేది అందుకే. కానీ ఆ వెసులుబాటును నేను వినాయకుడికి ఇవ్వను, వంటింటి మసికీ, మనవడి బాల్ పెన్నుకూ దాచి ఉంచుతాను.

మూడోది లామినేషన్. మెరిసేది వద్దు, మ్యాట్ వేయించండి. మా పెద్దమ్మకు రెండోసారి ఇచ్చిన కార్డు మెరిసే లామినేషన్‌దే. పగలు పని చేసింది, రాత్రి చేయలేదు. ఎందుకో నాకు అర్థం కాక, ఒక రాత్రి అక్కడే ఉండి చూశాను. గోడకు ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైటు మెరుపు సరిగ్గా కోడ్ మీద తెల్లటి గీతలా పడుతోంది. కార్డును పక్క గోడకు మార్చితే సరిపోయింది.

గోడ అంటున్నాను కదా, చేతికి ఎందుకు ఇవ్వనంటే, పెద్దవాళ్ల ఒక చేతిలో కార్డు, ఇంకో చేతిలో ఫోను ఉంటే రెండూ వణుకుతాయి. కెమెరాకు ఆ వణుకులో కోడ్ నిలవదు. కార్డు గోడకు ఛాతీ ఎత్తులో ఉంటే ఫోను రెండు చేతులా పట్టుకోవచ్చు. నాన్నమ్మ స్వయంగా చేయాలని సరదా పడితే అలా చేయించండి.

అప్పుడు ఇంకో తికమక వస్తుంది, ముందే చెప్పి ఉంచాలి. పల్లెల్లో పెద్దవాళ్లకు ఆ చదరపు గుర్తు అంటే కిరాణా కొట్టులో డబ్బులు కట్టే గుర్తు. మా పెద్దమ్మ కూడా మొదట ఫోన్‌పే తెరిచి ఫొటోల కార్డు మీద పెట్టింది. డబ్బుల యాప్‌కు ఇది అర్థం కాదు. కొట్టులో ఉండే కోడ్‌లో డబ్బు పంపాల్సిన ఖాతా వివరాలు ఉంటాయి, మన దాంట్లో ఉన్నది వెబ్‌సైటు చిరునామా. అందుకని యాప్ తప్పు కోడ్ అంటుంది, ఆమె కార్డు పాడైందనుకుంటుంది. లేదా అసలు ముట్టుకోదు, "నొక్కితే డబ్బులు పోతాయేమో" అని. ఆ భయం తప్పేమీ కాదు, ఈ రోజుల్లో ఉండాల్సిందే. ఆమెకు ఒక్క గీత గీసి చెప్పండి: ఫొటోలు చూడటానికి పిన్ను, ఓటీపీ, ఫోన్ నంబరు ఎవరూ అడగరు, అడిగితే మూసేసి నాకు ఫోన్ చెయ్యి. ఫోను మామూలు కెమెరాతోనే స్కాన్ చేయాలి. పాత ఫోన్లలో కెమెరా కోడ్‌ను పట్టుకోకపోతే గూగుల్ లెన్స్ పట్టుకుంటుంది.

కార్డు మీద నేను రాయించేది కూడా ఇదే లెక్కతో ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో "చెల్లి పెళ్లి ఫొటోలు". కింద "ఫోన్ కెమెరాతో చూడండి. డబ్బుల యాప్ వద్దు. ఏమీ కట్టనక్కర్లేదు." దాని కింద అదే మాట ఒడియా లిపిలో. ఒడియా ఎందుకంటే, మా దగ్గర పెద్దవాళ్లు తెలుగు చదువుతారు, వాళ్లకు సాయం చేసే పిల్లలు ఒడియా బడిలో చదివినవాళ్లు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవమంటే తడబడతారు. అన్నిటికన్నా కింద సాయానికి ఎవరికి ఫోన్ చేయాలో ఒక పేరు, నంబరు.

ఇక కార్డు ఒకసారి గోడ ఎక్కాక ఆల్బమ్ వైపు మీరు చేయకూడనివి ఉన్నాయి. ఆల్బమ్ సెట్టింగుల్లో లింక్ షేరింగ్ అనే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపితే ఆ లింకు పోతుంది, కార్డూ పోతుంది. ఆల్బమ్‌ను తీసేసి మళ్లీ అదే పేరుతో చేసినా కొత్త లింకే వస్తుంది. అందుకని మార్పులన్నీ అదే ఆల్బమ్ లోపలే చేయండి. ఫొటోలు తీయొచ్చు, చేర్చొచ్చు, వరస మార్చొచ్చు, కార్డుకు తేడా రాదు. మా చెల్లి సీమంతం ఫొటోలు కూడా నేను అందులోనే కలిపాను. పెద్దమ్మ గోడ మీద అదే కార్డు, లోపల కొత్త ఫొటోలు.

ఆ ఆల్బమ్ ఎవరి అకౌంటులో ఉందనేది కూడా చూసుకోండి. గూగుల్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీ, జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి. రెండేళ్లు ఎవరూ ముట్టుకోని అకౌంటును, అందులో ఉన్నవాటితో సహా, గూగుల్ తీసేయొచ్చు. పెళ్లి కోసమని కొత్త అకౌంటు తెరిచి మర్చిపోతే కార్డు గతి అదే. రోజూ వాడే మనిషి అకౌంటులో పెట్టండి. మా కస్టమర్లు ఆల్బమ్ స్టూడియో అకౌంటులోనే ఉంచమంటారు. నేను ఉంచను, వాళ్లదాంట్లోకి మార్చి ఇస్తాను. రేపు నేను కొట్టు మూస్తే వాళ్ల పెళ్లి ఫొటోలు నాతో పోకూడదు కదా.

ఆల్బమ్‌లో ఎన్ని పెట్టాలి? మీరు 700 అన్నారు. పెద్దవాళ్ల కోసం వేరే ఆల్బమ్ చేయండి, 60 నుంచి 80 చాలు. మా చెల్లి పెళ్లిలో 812 ఉంటే పెద్దమ్మ ఆల్బమ్‌కు 64 తీశాను. పెద్దమ్మ చూసేది పెళ్లిని కాదు, మనుషుల్ని. మండపం, పువ్వుల అలంకారం, బిర్యానీ ప్లేట్లు ఆమెకు అక్కర్లేదు. రాలేనన్న తోడికోడలు వచ్చిందా, చిన్న మనవడు ఎంత ఎదిగాడు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, అవి కావాలి. అందుకని ముఖాలు పెద్దవిగా ఉన్న ఫొటోలే ఏరాను. ఆల్బమ్‌లో ఫొటోల మధ్య మాటలు రాసే వీలుంది, అక్కడ తెలుగులో "స్నాతకం", "జీలకర్ర బెల్లం", "తలంబ్రాలు", "అప్పగింతలు" అని పెట్టాను. పాతిక ఫొటోల తరువాత ఎక్కడున్నామో తెలియడానికి అవి బాగా పనికొచ్చాయి.

తక్కువ పెట్టమనడానికి సిగ్నల్ కూడా ఒక కారణం. మోహన, ఆర్.ఉదయగిరి వైపు కొండ ఊళ్లలో ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్తే గానీ నెట్ రాదు. ఆల్బమ్ తెరిచినప్పుడు చిన్న బొమ్మలు మాత్రమే వస్తాయి, అవి త్వరగానే వస్తాయి. కానీ ఏడు వందలు కిందికి లాగుతూ పోతే తెల్ల గళ్లే కనబడతాయి, నాన్నమ్మ ఫోన్ పాడైందనుకుంటుంది. పెళ్లి వీడియో అందులో కలపకండి, అది వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి టీవీకి పెట్టండి.

ఒక జాగ్రత్త మాత్రం వదలొద్దు. కార్డు ఎవరు స్కాన్ చేసినా ఫొటోలు కనబడతాయి, తాళం లేదు. వాళ్లు ఆ లింకును ఇంకొకరికి పంపొచ్చు కూడా. అందుకని అరుగు మీద, వీధి గుమ్మం పక్కన పెట్టించకండి. లోపలి గదిలో, క్యాలెండర్ పక్కన మంచిది. నగలన్నీ పరిచి తీసిన ఫొటోలు, చిన్నపిల్లలకు స్నానం చేయించే ఫొటోలు, కట్నకానుకల లిస్టు ఈ ఆల్బమ్‌లో వద్దు. ఆల్బమ్ సెట్టింగుల్లో "Collaborate" అనేది ఆపేయండి, లేకపోతే లింకు ఉన్నవాళ్లు తమ ఫొటోలు కూడా అందులో పడేసే వీలుంటుంది. ఫొటో తీసిన చోటు కనబడే స్విచ్ కూడా అక్కడే ఉంటుంది, అదీ ఆపండి.

మీ తాతయ్యది బటన్ల ఫోను అన్నారు. ఆయనకు ఈ కార్డు నిజంగా పనికొస్తుంది. మా పెదనాన్నదీ అంతే. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన అరుగు మీద కూర్చుంటాడు. కిరాణా కొట్టు కుర్రాడు సరుకులు తెస్తే, "ఒరే, లోపలికెళ్లి ఆ గోడ మీది దాన్ని నీ ఫోన్తో కొట్టి పట్రా" అంటాడు. కుర్రాడు వెళ్లి కెమెరా పెడతాడు, ఆల్బమ్ తెరుచుకున్న ఫోను తెచ్చి ఆయన చేతిలో పెడతాడు. యాప్ లేదు, లాగిన్ లేదు, ఆ కుర్రాడి ఫోన్‌లో ఫొటోలు దిగవు కూడా. పెదనాన్న అప్పగింతల దాకా ఎప్పుడూ వెళ్లడు. తలంబ్రాల దగ్గర ఆగి, తన తమ్ముడు నవ్వుతున్న ఫొటోను వేలితో పెద్దది చేయమంటాడు. కుర్రాడు చేసి పెడతాడు, తరువాత సరుకుల డబ్బులు అడుగుతాడు.

మీరు ముందు లింకును ఇన్‌కాగ్నిటోలో పెట్టి చూసి, ఏం కనబడిందో ఇక్కడ రాయండి. నాన్నమ్మ ఫోన్ ఏ కంపెనీదో కూడా చెబితే, "Open by default" దాంట్లో ఎక్కడుంటుందో చెబుతాను.